వెళ్లిన చలితోనే తిరిగొచ్చే నీళ్లు: చిల్డ్ వాటర్ లైన్‌లో డెల్టా టీ చూడడం ఎలా

మధ్యాహ్నం మూడు గంటల లాగ్ షీట్. చిల్లర్ 1: సప్లై 7.1, రిటర్న్ 9.4. చిల్లర్ 2: సప్లై 7.1, రిటర్న్ 9.4. రెండింటి లోడూ 46 శాతం. అలారం ఏదీ లేదు, పైనుంచి కంప్లయింట్ లేదు. చూసినవాళ్లెవరైనా ప్లాంట్ బ్రహ్మాండంగా నడుస్తోందనే అంటారు.

హైదరాబాద్‌లో ఒక ఎనిమిది అంతస్తుల ఆఫీసు బిల్డింగ్ అది. ఫ్లోర్లకు పంపే నీళ్లను చల్లబరిచే 250 టీఆర్, అంటే 250 టన్నుల, వాటర్ కూల్డ్ చిల్లర్లు మూడున్నాయి, అందులో ఒకటి స్టాండ్‌బై. రెండు చిల్లర్లూ 46 శాతం మీద ఉన్నాయంటే, మొత్తం లోడ్ ఒక్క చిల్లర్‌కి 92 శాతం. మరి రెండెందుకు తిప్పుతున్నారని షిఫ్ట్ ఆపరేటర్‌ని అడిగాను. "ఒక్కటి పెట్టి చూశాం సార్. గంట తిరక్కముందే ఆరో ఫ్లోర్ నుంచి ఫోన్లు మొదలవుతాయి" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. రెండో చిల్లర్ అక్కడ చల్లదనం కోసం తిరగడం లేదు, నీళ్ల కోసం తిరుగుతోంది. ఆ సంగతి 9.4 అనే అంకెలోనే ఉంది. మీ ప్లాంట్‌లో ఆ అంకెను ఎలా చదవాలో, అది తక్కువగా ఉంటే దేనికోసం ఎక్కడికి వెళ్లి వెతకాలో ఈ బిల్డింగ్‌నే పక్కన పెట్టుకుని చెప్తాను.

డెల్టా టీ అంటే రిటర్న్ టెంపరేచర్‌లోంచి సప్లై టెంపరేచర్ తీసేస్తే మిగిలేది, అంతే. మన దగ్గర చాలా బిల్డింగ్‌ల డిజైన్ 7 డిగ్రీలతో వెళ్లి 12 డిగ్రీలతో తిరిగి రావడం, అంటే తేడా 5. ఫారెన్‌హీట్‌లో చూపించే ప్యానెల్స్‌లో అదే 44, 54గా కనిపిస్తుంది, అక్కడ తేడా 10. మీ బిల్డింగ్ డిజైన్ తేడా ఎంతో చిల్లర్ నేమ్ ప్లేట్ మీదో, డేటా షీట్‌లోనో, ఫ్లోర్లలో గాలిని చల్లబరిచి పంపే ఏహెచ్‌యూల షెడ్యూల్‌లోనో రాసి ఉంటుంది. ముందు అది వెతికి ప్లాంట్ రూమ్ గోడకు అంటించండి. ఎంత రావాలో తెలియకుండా ఎంత వచ్చిందో చూసి లాభం లేదు.

మొదట అంకెను నమ్మవచ్చో లేదో తేల్చుకోండి

ఇక్కడ తొందరపడినవాళ్లు నెల రోజులు వృథాగా తిరుగుతారు. తేడా 5 డిగ్రీలే కాబట్టి, సప్లై సెన్సర్ అర డిగ్రీ ఎక్కువ చూపించి రిటర్న్ సెన్సర్ అర డిగ్రీ తక్కువ చూపిస్తే ఒక డిగ్రీ పోయినట్టే. అది అయిదింటిలో ఒకటి. మన బిల్డింగ్‌లోలా తేడా 2.3 దగ్గర ఉంటే, అదే ఒక డిగ్రీ తప్పు లెక్కను సగం దాకా తలకిందులు చేస్తుంది.

అందుకని ఒకే థర్మామీటర్‌తో రెండు చోట్లా చూడండి. థర్మామీటర్‌లో ఎంత తప్పున్నా రెండు చోట్లా ఒకేలా ఉంటుంది, తీసివేతలో అది ఎగిరిపోతుంది. దానికీ ముందు ఒక పరీక్ష చేయాలి. థర్మోస్‌లో మెత్తగా కొట్టిన ఐసు నింపి, అది తడిసేదాకా నీళ్లు పోసి, బాగా కలిపి అందులో ప్రోబ్ పెట్టండి. రెండు మూడు నిమిషాల తర్వాత సున్నా చూపించాలి. 0.4 చూపిస్తే ఆ 0.4ని థర్మామీటర్ మీద మార్కర్‌తో రాసిపెట్టుకోండి. ప్లాంట్‌ను కంప్యూటర్ నుంచి నడిపే బీఎంఎస్ సెన్సర్లను కూడా వీలుంటే బయటకు తీసి, సప్లై సెన్సర్‌నీ రిటర్న్ సెన్సర్‌నీ ఒకే థర్మోస్‌లో పక్కపక్కన పెట్టి చూడండి. అవి నిజం చెప్పకపోయినా, రెండూ ఒకే మాట చెప్పాలి.

ప్రోబ్ ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి మాట. పైప్ మీద టెస్ట్ పాయింట్ ఉంటే సూది ప్రోబ్ నేరుగా నీళ్లలోకి దిగుతుంది, అంతకంటే మంచిది లేదు. థర్మోవెల్ ఉంటే దాంట్లో కొంచెం నూనె గానీ థర్మల్ పేస్ట్ గానీ ఉందో లేదో చూడండి. పొడిగా ఉన్న వెల్‌లో ప్రోబ్ చుట్టూ గాలే ఉంటుంది, అది నీళ్ల వేడిని కాక ప్లాంట్ రూమ్ వేడిని కొంత కలిపి చూపిస్తుంది. ఈ రెండూ లేకపోతే ఇన్సులేషన్ చిన్నగా కోసి, పైప్‌ను తుడిచి, ప్రోబ్‌ను గట్టిగా బిగించి మళ్లీ పైన ఇన్సులేషన్ కప్పి పది నిమిషాలు ఆగాలి. పని అయ్యాక ఆ కోతను సరిగ్గా మూసేయండి. లేకపోతే వారంలో అక్కడ నీళ్లు కారడం మొదలై ఫాల్స్ సీలింగ్ మీద మరక వస్తుంది, మీ పేరే బయటికొస్తుంది.

చిల్లర్ స్టార్ట్ చేసిన వెంటనే, లేదా లోపల ఫ్లోర్ మొత్తం ఏహెచ్‌యూలు ఆన్ చేసిన వెంటనే చూసిన అంకెలను లెక్కలోకి తీసుకోకండి. సప్లై టెంపరేచర్ పదిహేను ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడ్డాకే రాసుకోండి. ఇంకొక సంగతి, కొంచెం మొహమాటంగానే చెప్తున్నా: లాగ్ షీట్‌లో ప్రతి గంటా 7, 12 అని చక్కగా ఉంటే మీరే వెళ్లి ఒకసారి గేజ్ చూడండి. కొన్నిచోట్ల ఆ అంకెలు చూసి రాసినవి కావు, పై వరస చూసి రాసినవి.

మీ నీళ్ల ధార మారుతుందా, మారదా

తేడా తక్కువగా ఉందని నిర్ధారణ అయ్యాక కూడా అది తప్పా ఒప్పా అన్నది సిస్టమ్‌ను బట్టి ఉంటుంది. ఏదైనా ఏహెచ్‌యూ రూమ్‌లోకి వెళ్లి కంట్రోల్ వాల్వ్‌కు ఎన్ని పైపులు కలుస్తున్నాయో చూడండి.

మూడు పైపులు కలిస్తే అది త్రీ వే వాల్వ్. కాయిల్‌కు నీళ్లు అక్కర్లేనప్పుడు ఆ నీటిని పక్క దారిలో నేరుగా రిటర్న్‌లోకి పంపేస్తుంది. అంటే లోడ్ ఎంతున్నా మొత్తం నీళ్లు అంతే తిరుగుతూ ఉంటాయి. అలాంటి బిల్డింగ్‌లో సగం లోడ్ ఉంటే డెల్టా టీ కూడా సగమే ఉంటుంది. డిసెంబర్ ఉదయం 2 డిగ్రీలు చూసి కంగారు పడాల్సిన పని లేదు. అది జబ్బు కాదు, లోడ్ తక్కువుందన్న కబురు.

రెండే పైపులుంటే అది టూ వే వాల్వ్. లోడ్ తగ్గితే వాల్వ్ మూసుకుంటుంది, నీళ్లే తగ్గుతాయి. పంప్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ దాన్ని నెమ్మదింపజేస్తుంది. ఇక్కడ సగం లోడ్‌లోనూ తేడా 5 దగ్గరే ఉండాలి. నిజానికి శుభ్రమైన కాయిల్‌లో నీళ్లు నెమ్మదిగా పోతే ఎక్కువ సేపు గాలితో తగులుతాయి కాబట్టి తేడా కొంచెం పెరగాలి కూడా. ఇలాంటి బిల్డింగ్‌లో తేడా 2.3 వస్తే మాత్రం ఎక్కడో నీళ్లు పని చేయకుండా తిరిగి వస్తున్నాయని అర్థం.

టూ వే వాల్వులున్నాయి, వీఎఫ్‌డీ ఉంది, ఇక అంతా సరే అనుకోకండి. వీఎఫ్‌డీ మాన్యువల్‌లో 50 హెర్ట్జ్ మీద ఏళ్ల తరబడి ఉన్న ప్లాంట్లు కొన్ని చూశాను. ఎప్పుడో ఒకసారి ఏదో ఫ్లోర్‌లో చల్లదనం రాలేదని ఎవరో పెట్టి ఉంటారు, తీసేవాళ్లు లేరు. మనం చెప్పుకుంటున్న బిల్డింగ్‌లో వీఎఫ్‌డీ ఆటోలోనే ఉంది. అయినా మార్చిలో మధ్యాహ్నం 49 హెర్ట్జ్ చూపిస్తోంది. సగం లోడ్‌లో పంప్ నిండు వేగంతో పరుగెత్తడం డెల్టా టీ చూడకముందే ఇచ్చే సూచన.

తేడాను టన్నుల్లోకి మార్చండి

డెల్టా టీ ఒక్కటే ఏమీ చెప్పదు. దాన్ని నీళ్ల ధారతో గుణిస్తేనే లోడ్ వస్తుంది. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు పోతున్నాయో తెలిస్తే లెక్క ఇంతే:

```
TR = m³/h × ΔT(°C) ÷ 3.024
```

మన చిల్లర్ డిజైన్‌ను దీంతో సరిచూద్దాం. 250 టన్నులు, తేడా 5. అంటే గంటకు 151 ఘనపు మీటర్లు కావాలి. ప్రైమరీ పంపులు స్థిరమైన వేగంతో తిరుగుతాయి కాబట్టి ఒక్కో చిల్లర్ గుండా ఎప్పుడూ అంతే పోతుంది. రెండు చిల్లర్లకు 302. తేడా 2.3తో గుణించి 3.024తో భాగిస్తే 230 టన్నులు. ప్యానెల్ చూపించిన 46 శాతానికి ఇది సరిగ్గా సరిపోయింది. ఇలా సరిపోతే సెన్సర్ల మీద నమ్మకం పెరుగుతుంది. సరిపోకపోతే అంకెల్లో ఏదో ఒకటి అబద్ధం.

ఫ్లో మీటర్ లేదంటారా? చాలాచోట్ల ఉండదు, ఉన్నా పని చేయదు. అప్పుడు చిల్లర్ ఎవాపరేటర్‌లోకి వెళ్లేచోట, బయటికొచ్చేచోట ప్రెషర్ చూసి తేడా తీయండి. రెండు చోట్లా ఒకే గేజ్ విప్పి బిగించి చూడాలి, ఆ రెండు చోట్లూ ఒకే ఎత్తులో లేకపోతే ఆ ఎత్తు కూడా లెక్కలో కలిసిపోతుందని గుర్తుంచుకోండి. డేటా షీట్‌లో 151 ఘనపు మీటర్లకు ప్రెషర్ డ్రాప్ 5 మీటర్లని ఉండి, మీకు 6.5 మీటర్లు వచ్చిందనుకుందాం. ప్రెషర్ 1.3 రెట్లయింది. నీళ్లు అన్ని రెట్లు పెరగవు, దాని వర్గమూలమంత పెరుగుతాయి, అంటే 1.14 రెట్లు, దాదాపు 172. ట్యూబులు శుభ్రంగా ఉంటేనే ఈ లెక్క నిలబడుతుంది. ట్యూబులు పాచి పట్టి ఉంటే ప్రెషర్ పెరిగేది నీళ్లు ఎక్కువై కాదు, దారి ఇరుకై.

చిల్లర్ దగ్గర ఒకటి, బిల్డింగ్ దగ్గర ఒకటి

ప్రైమరీ పంపులు చిల్లర్లకు, సెకండరీ పంపులు ఫ్లోర్లకు విడివిడిగా ఉన్న ప్లాంట్‌లో సప్లై హెడర్‌నూ రిటర్న్ హెడర్‌నూ కలిపే ఒక పైప్ ఉంటుంది. డీకప్లర్ అని కొందరు, కామన్ పైప్ అని కొందరు అంటారు. దాని మీద వాల్వ్ ఉండకూడదు. రెండు వైపుల నీళ్లు సమానం కానప్పుడు మిగిలిన నీళ్లు అందులోంచి పోతాయి. ఏ వైపుకు పోతున్నాయో కనిపెట్టడమే ఇక్కడి పని, అందుకు నాలుగు టెంపరేచర్లు చాలు: చిల్లర్ నుంచి బయటికొచ్చేది, బిల్డింగ్‌కు వెళ్లేది, బిల్డింగ్ నుంచి వచ్చేది, చిల్లర్‌లోకి వెళ్లేది.

బిల్డింగ్ నుంచి వచ్చే నీళ్లకంటే చిల్లర్‌లోకి వెళ్లే నీళ్లు చల్లగా ఉంటే, చల్లని నీళ్లు ఫ్లోర్లకు వెళ్లకుండానే డీకప్లర్ గుండా వెనక్కి వస్తున్నాయి. అంటే ప్రైమరీ ఎక్కువ. చిల్లర్ నుంచి వచ్చే నీళ్లకంటే బిల్డింగ్‌కు వెళ్లే నీళ్లు వెచ్చగా ఉంటే, రిటర్న్ నీళ్లు ఎదురు తిరిగి సప్లైలో కలుస్తున్నాయి. అంటే సెకండరీ ఎక్కువ. ఈ రెండోదే ప్రమాదం. కానీ అలా అనేముందు ఆగి ఉన్న చిల్లర్ వాల్వ్ మూసి ఉందో లేదో కూడా చూడండి. అది తెరిచి ఉంటే చల్లబడని నీళ్లు దాని గుండా నేరుగా సప్లైలోకి వచ్చి అచ్చం ఇలాంటి గుర్తులే చూపిస్తాయి.

మన బిల్డింగ్‌లో రెండు చిల్లర్లూ నడుస్తుండగా బిల్డింగ్‌కు 7.1తో వెళ్లి 9.6తో తిరిగొస్తున్నాయి. తేడా 2.5. 230 టన్నులకు ఈ తేడాతో గంటకు 278 ఘనపు మీటర్లు కావాలి. ప్రైమరీలో 302 ఉన్నాయి కాబట్టి 24 మిగిలి డీకప్లర్ గుండా వెనక్కి వచ్చి, 9.6ని 9.4కి దింపుతున్నాయి. చిల్లర్ దగ్గర డెల్టా టీ చూసే మనిషి ఎప్పుడూ ఇలా కలిపేసిన అంకెనే చూస్తాడు. అసలు జబ్బు కొలవాలంటే బిల్డింగ్ హెడర్ దగ్గరకు రావాల్సిందే.

ఇప్పుడు ఆపరేటర్ చెప్పిన ఆరో ఫ్లోర్ ఫోన్ల సంగతి చూద్దాం. రెండో చిల్లర్ ఆపగానే ప్రైమరీ 151కి పడిపోతుంది. ఫ్లోర్లు మాత్రం 278 లాగుతూనే ఉంటాయి. తక్కువైన 127 రిటర్న్‌లోంచే డీకప్లర్ గుండా వచ్చి సప్లైలో కలుస్తాయి. చిల్లర్ తన వంతు 7.1 ఇస్తూనే ఉంటుంది, కానీ 11.7 డిగ్రీల రిటర్న్ దాంట్లో కలిసి ఫ్లోర్లకు వెళ్లే నీళ్లు 9.2 అవుతాయి. 9.2 డిగ్రీల నీళ్లతో కాయిల్ గాలిలోని తేమను సరిగ్గా తీయలేదు. రూమ్‌లో టెంపరేచర్ పెద్దగా మారకముందే ఒళ్లు జిడ్డుగా అనిపించడం మొదలవుతుంది. థర్మోస్టాట్లు వాల్వులను ఇంకా తెరుస్తాయి, నీళ్లు ఇంకా ఎక్కువ లాగుతాయి, ఇంకా ఎక్కువ రిటర్న్ సప్లైలో కలుస్తుంది, నీళ్లు ఇంకా వెచ్చబడతాయి. ఈ సుడిలోంచి బయటపడడానికి ఆపరేటర్ చేతిలో ఉన్న ఒకే ఒక స్విచ్ రెండో చిల్లర్‌ది. దాన్ని వేసినందుకు అతన్ని తప్పు పట్టలేం. కాకపోతే ఆ స్విచ్‌తో పాటు ఒక ప్రైమరీ పంప్, ఒక కండెన్సర్ పంప్, ఒక కూలింగ్ టవర్ ఫ్యాన్ కూడా ఊరికే తిరుగుతున్నాయి.

ఈ దశలో చాలామంది చిల్లర్ కంపెనీకి ఫోన్ చేస్తారు. చిల్లర్ తన సెట్ పాయింట్‌ను పట్టుకుని 7.1 ఇస్తున్నంత కాలం దాని తప్పేమీ లేదు. తప్పు పైన, ఫ్లోర్లలో ఉంది.

ఫ్లోర్ ఫ్లోర్‌కూ వెళ్లి వెతకడం

బిల్డింగ్‌లో పదహారు ఏహెచ్‌యూలు, రెండు ఫ్రెష్ ఎయిర్ యూనిట్లు. అన్నింటినీ ఒక్క రోజులో కొలవక్కర్లేదు. మొదటి చుట్టులో థర్మామీటర్ కూడా అక్కర్లేదు, చెయ్యి చాలు. ఫ్లోర్ దగ్గర రిటర్న్ పైప్ ఇన్సులేషన్ లేని చోట, వాల్వ్ బాడీ మీద గానీ ఫ్లాంజ్ మీద గానీ చెయ్యి పెట్టండి. సప్లై ఎంత చల్లగా ఉందో రిటర్న్ కూడా అంతే చల్లగా ఉన్న యూనిట్లను రాసుకోండి. రెండో చుట్టులో వాటిని మాత్రమే థర్మామీటర్‌తో చూడండి.

రెండో ఫ్లోర్‌లో సగం ఖాళీగా ఉంది, అక్కడి ఏహెచ్‌యూ నెలల తరబడి ఆఫ్. ఫ్యాన్ తిరగడం లేదు, కానీ రిటర్న్ పైప్ మీద చెమట పట్టి ఉంది. లోపలికి 7.1, బయటికి 7.4. వాల్వ్ తెరిచి ఉన్నచోటే బిగుసుకుపోయింది. ఫ్యాన్ ఆగి ఉన్న కాయిల్‌లోంచి నీళ్లు పోతే అవి వెళ్లిన చలితోనే తిరిగొచ్చి మంచి రిటర్న్‌ను కూడా చల్లబరుస్తాయి. ఇలాంటి యూనిట్ ఒక్కటి చాలు హెడర్ అంకెను కిందికి లాగడానికి. ఆఫ్‌లో ఉన్న ఏహెచ్‌యూతోనే మీ చుట్టు మొదలుపెట్టండి, దొరికే అవకాశం అక్కడే ఎక్కువ.

ఆరో ఫ్లోర్, ఏడో ఫ్లోర్‌లలో మూడు యూనిట్ల దగ్గర ఇంకోటి కనిపించింది. కంట్రోల్ వాల్వ్‌కు పక్కనుంచి ఒక బైపాస్ పైప్, దాని మీద చేతితో తిప్పే వాల్వ్. కంట్రోల్ వాల్వ్ రిపేర్ చేసిన రోజు ఆ బైపాస్ తెరిచి ఉంటారు, మళ్లీ మూయలేదు. బీఎంఎస్ స్క్రీన్ మీద వాల్వ్ 20 శాతం అని ఉంటుంది, కాయిల్‌లో మాత్రం నీళ్లు నిండుగా పోతుంటాయి. స్క్రీన్ మీద చూపించేది కంప్యూటర్ అడిగిన సంఖ్య, వాల్వ్ నిజంగా ఉన్న చోటు కాదు. యాక్చుయేటర్ మీద ఉన్న ముల్లును కళ్లతో చూడండి. బైపాస్ లేని చోట కూడా అనుమానం వస్తే బీఎంఎస్ నుంచి వాల్వ్‌ను సున్నా చేసి పది నిమిషాలాగండి, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉండాలి. వాల్వ్ సరిగ్గా మూసుకుంటే రిటర్న్ పైప్ మెల్లగా వెచ్చబడుతుంది. వెచ్చబడకపోతే సీటు అరిగింది, లేదా పంప్ ప్రెషర్‌ను తట్టుకుని మూసేంత బలం యాక్చుయేటర్‌కు లేదు.

తర్వాత థర్మోస్టాట్లు. అయిదింటిని ఎవరో 18 దగ్గర పెట్టారు. కాయిల్‌ను ఎంచింది రూమ్‌ను 24కి తేవడానికి. 18 అది ఎప్పటికీ ఇవ్వలేదు కాబట్టి వాల్వ్ ఎప్పుడూ 100 శాతం తెరిచే ఉంటుంది. ఇక్కడొక సంగతి సరిగ్గా పట్టుకోవాలి: డిజైన్ కంటే ఎక్కువ నీళ్లు పంపినంత మాత్రాన కాయిల్ అంత ఎక్కువ చల్లదనం ఇవ్వదు. గాలి అంతే, ఫిన్స్ అంతే. నీళ్లు రెట్టింపైతే చల్లదనం కొద్దిగా పెరుగుతుంది, తేడా మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. "తక్కువ పెడితే తొందరగా చల్లబడుతుంది కదా" అని అందరూ అనుకునేదే ఇక్కడ ప్లాంట్‌కు బరువవుతుంది. అయిదింటినీ 24కి తెచ్చి, 23 కంటే కిందికి దిగకుండా బీఎంఎస్‌లో లాక్ చేశాం. రెండు రోజులు గొడవ జరిగింది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

ఈ మూడూ సరిచేశాక ఒక మధ్యాహ్నం, లోడ్ దాదాపు అంతే ఉండగా రెండో చిల్లర్ ఆపాం. సెకండరీలో నీళ్లు 278 నుంచి 170కి దిగాయి. ఇంకా ప్రైమరీ కంటే 19 ఎక్కువే, కానీ బిల్డింగ్‌కు వెళ్లే నీళ్లు 9.2 కాదు, 7.6. తేడా 4.1. గంటన్నర కూర్చున్నాం, ఫోన్ రాలేదు.

మిగిలిన పని ఫిల్టర్లు, కాయిల్స్. ఇక్కడ డెల్టా టీ ఒక మంచి చిక్కుముడి విప్పుతుంది. ఒక ఫ్లోర్ చల్లబడడం లేదు, వాల్వ్ నిండా తెరిచి ఉంది అనుకుందాం. అక్కడ తేడా బాగా ఎక్కువగా, 7 లేదా 8 డిగ్రీలుంటే నీళ్లు సరిపోవడం లేదు: స్ట్రెయినర్ పూడుకుందేమో, చేతి వాల్వ్ సగం మూసి ఉందేమో, కాయిల్‌లో గాలి చేరిందేమో చూడండి. తేడా తక్కువగా, 2 డిగ్రీలుంటే నీళ్లు కావలసినన్ని ఉన్నాయి, గాలి వాటిని ముట్టుకోవడం లేదు: ఫిల్టర్ మూసుకుపోయింది, ఫిన్స్ మధ్య దుమ్ము గట్టిపడింది, ఫ్యాన్ బెల్ట్ జారుతోంది, లేదా ట్యూబుల లోపల పొర కట్టింది. స్ట్రెయినర్ పూడుకున్నా ఫిల్టర్ పూడుకున్నా పైన కూర్చున్నవాళ్లకు ఒకటే ఉక్క. మీ చేతిలో ఉన్న రెండు అంకెలు మాత్రం వాటిని విడదీసి చెప్తాయి.

నాలుగు యూనిట్ల కాయిల్స్ శుభ్రం చేయించాక తేడా 4.7కి చేరింది. 230 టన్నులకు ఇప్పుడు 148 ఘనపు మీటర్లు చాలు, చిల్లర్ ఇచ్చే 151లో సరిపోతాయి. సెకండరీ పంప్ 38 హెర్ట్జ్. మొత్తం మీద మూడు వారాలు పట్టింది, అందులో సగం కాలం నిచ్చెన కోసం ఎదురుచూడడమే.

ఎక్కడ ఆగాలి

తేడా పెంచాలని చేతి వాల్వులు సగం సగం మూయకండి. చిల్లర్ దగ్గర అంకె అందంగా పెరుగుతుంది, పంప్‌కు దూరంగా ఉన్న ఏహెచ్‌యూ ఎండిపోతుంది. సెకండరీ పంప్ ప్రెషర్ సెట్ పాయింట్ తగ్గించవచ్చు, కానీ ఆఖరి ఏహెచ్‌యూ వాల్వ్ చూస్తూ మెల్లగా తగ్గించాలి. అది నిండా తెరుచుకున్నా రూమ్ చల్లబడకపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి.

కరెంటు ఆదా అవుతుందని చిల్లర్ సప్లైని 7 నుంచి 9కి పెంచితే తేడా దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే అదే పనికి కాయిల్‌కు ఎక్కువ నీళ్లు కావాలి. సెట్ పాయింట్ మార్చిన వారం డెల్టా టీ పడిపోయిందని ఫ్లోర్లలో వెతకడం దండగ.

ఫ్రెష్ ఎయిర్ యూనిట్లను వేరుగా చూడండి. చలికాలం ఉదయం బయటి గాలే 16 డిగ్రీలుంటే నీళ్లకు అందులో ఎక్కేంత వేడి లేదు. ఆ గంటల్లో వాటి తేడా తక్కువుండడం సహజం. అసలు ఆ యూనిట్ వాల్వ్ ఆ సమయంలో తెరిచి ఉండాలా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

లాగ్ షీట్‌లో ఒక గడి పెంచండి: బిల్డింగ్ హెడర్ రిటర్న్. చిల్లర్ రిటర్న్ పక్కనే రాయించండి. మా దగ్గర ఇప్పుడు ఆ గడిలో అంకె 11కి తగ్గిన రోజు, షిఫ్ట్ ఆపరేటర్ నాకు ఫోన్ చేయకముందే ఆఫ్‌లో ఉన్న ఏహెచ్‌యూల వాల్వులు చూసి వస్తున్నాడు. మొన్నోసారి మళ్లీ ఆ రెండో ఫ్లోర్‌దే దొరికింది.